ఏ ప్రింటుకి ఏ పేపర్: జీఎస్ఎం, పూత, రెండువైపుల ప్రింటింగ్ చూసుకుని కొనడం ఎలా

డీటీపీ పని చేసే మాలాంటి వాళ్లని జనం అడిగేవి తిప్పితిప్పి మూడే ప్రశ్నలు. "75 కొనాలా, 80 కొనాలా?" "గ్లాసీ పేపర్ మీద ఫోటో తీస్తే ఇంకు చేతికి అంటుకుంటోంది, ప్రింటర్ పాడైందా?" "రెండువైపులా కొడితే వెనక అక్షరాలు ముందుకి కనిపిస్తున్నాయి, ఏం చేయాలి?"

ఈ మూడింటిలోనూ ప్రింటర్ తప్పు చాలా అరుదు. పేపర్ ఆ ప్రింటర్‌కి సరిపడనిదై ఉంటుంది, లేదా పేపర్ సరైనదే అయినా ప్రింటర్‌కి మనం చెప్పిన మాట తప్పై ఉంటుంది. దుకాణంలో కట్ట మీద పెద్దక్షరాలతో కనిపించేది కాగితం బరువు చెప్పే జీఎస్ఎం అంకె ఒక్కటే కాబట్టి అందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు. నిజానికి అది చివర చూడాల్సింది. ముందు ప్రింటర్ ఏ రకం, తర్వాత పేపర్ ఉపరితలం ఎలాంటిది, ఆ తర్వాత బరువు. కింది మెట్లు ఆ వరసలోనే ఉన్నాయి. తూకం పరీక్షని మాత్రం కాస్త ముందుకి తెచ్చాను, ఎందుకంటే దానికి ప్రింటర్ కూడా అక్కర్లేదు.

ఇదంతా ఇంట్లో, చిన్న ఆఫీసులో వాడే ఏ4 ప్రింటర్ల గురించి. ఆఫ్‌సెట్ ప్రెస్సు లెక్కలు వేరు.

కావలసినవి

- మీ ప్రింటర్ మాన్యువల్‌లో పేపర్ వివరాలున్న పేజీ (కంపెనీ సైట్‌లో మోడల్ నంబరు కొడితే దొరుకుతుంది)
- వంటింట్లో వాడే డిజిటల్ కాటా, ఒక గ్రాము వరకు చూపించేది
- కొత్త కట్టలోంచి తీసిన 16 ఏ4 కాగితాలు
- స్కేలు, కొంచెం నీళ్లు, సెల్లోటేపు
- సగం పేజీ నల్లటి దిమ్మలా, మిగతా సగం పెద్ద అక్షరాలతో ప్రింట్ చేసిన ఒక కాగితం

1. ప్రింటర్ ఏ రకమో, ఎంత మోయగలదో చూడండి

టోనర్ వాడితే లేజర్. సీసాలతోనో కార్ట్రిడ్జ్‌తోనో ద్రవ ఇంకు పోస్తే ఇంక్‌జెట్, అంటే మనం ఇంకు ట్యాంకు ప్రింటర్ అనేవి కూడా ఇందులోకే వస్తాయి. అనుమానం ఉంటే ఒక పేజీ ప్రింట్ తీసి వెంటనే ముట్టుకోండి. వెచ్చగా ఉంటే లేజర్.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, లేజర్ ప్రింటర్ టోనర్ పొడిని వేడి రోలర్ల మధ్య కరిగించి కాగితానికి అతికిస్తుంది. ఆ వేడి 200 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. ఇంక్‌జెట్ అయితే సన్నటి ఇంకు చుక్కల్ని కాగితం మీదికి చిమ్ముతుంది. దాన్ని కాగితం పీల్చుకోవాలి. ఒకదానికి వేడి తట్టుకునే ఉపరితలం కావాలి, ఇంకోదానికి ఇంకు తాగే ఉపరితలం కావాలి.

హెచ్చరిక: ఇంక్‌జెట్ ఫోటో పేపర్‌ని లేజర్‌లో ఎప్పుడూ పెట్టకండి. దాని పూత, అందులో ఉండే ప్లాస్టిక్ పొర కరిగి వేడి రోలర్‌కి అంటుకుంటాయి. అది శుభ్రం చేసుకుంటే పోయే పని కాదు, చాలాసార్లు ఆ భాగమే మార్చాల్సి వస్తుంది. అటుది ఇటు పెట్టినా పని జరగదు. లేజర్ కోసం చేసిన గ్లాసీ పేపర్‌ని, లేదా ప్రెస్సుల్లో వాడే ఆర్ట్ పేపర్‌ని ఇంక్‌జెట్‌లో పెడితే ఇంకు లోపలికి దిగక పైనే తడిగా నిలుస్తుంది. గంట తర్వాత ముట్టుకున్నా వేలికి అంటుతుంది.

తర్వాత మాన్యువల్‌లో మూడు అంకెలు వెతికి రాసిపెట్టుకోండి: ట్రేలో ఎంత జీఎస్ఎం వరకు పెట్టవచ్చు, ఒక్కొక్క కాగితం చేత్తో అందించే చోట ఎంత వరకు, ఆటోమేటిక్‌గా రెండువైపులా కొట్టేటప్పుడు ఎంత వరకు. చాలా చిన్న లేజర్ ప్రింటర్లలో చేత్తో అందించే చోట 163 జీఎస్ఎం వరకు పడుతుంది. డ్యూప్లెక్స్‌కి, అంటే రెండువైపులా కొట్టడానికి మాత్రం 60 నుంచి 105 మధ్యే. మూడో అంకె సాధారణంగా చిన్నదే. "ప్రింటర్ 160 పడుతుంది అన్నారు కదా" అని 130 జీఎస్ఎం కాగితం డ్యూప్లెక్స్‌లో పెట్టి ఇరికించుకునేది ఇక్కడే.

2. జీఎస్ఎం నిజమేనా, తూచి చూడండి

జీఎస్ఎం అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. ఏ0 కాగితం వైశాల్యం ఒక చదరపు మీటరు. దాన్ని సగానికి, మళ్లీ సగానికి అలా నాలుగు సార్లు మడిస్తే వచ్చేది ఏ4. అంటే 16 ఏ4 కాగితాలు కలిపితే ఒక చదరపు మీటరు. ఇంతకుమించి సిద్ధాంతం మనకి అక్కర్లేదు, ఎందుకంటే దీన్నుంచే సులువైన పరీక్ష ఒకటి వస్తుంది:

16 ఏ4 కాగితాలు ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని జీఎస్ఎం.

కాటా మీద చిన్న గిన్నె పెట్టి సున్నా చేసి, 16 కాగితాల్ని గొట్టంలా చుట్టి అందులో నిలబెట్టండి. 75 జీఎస్ఎం అని రాసిన కట్టలోంచి తీసిన కాగితాలైతే 75 గ్రాముల దగ్గర చూపించాలి. ఒకటి రెండు గ్రాముల తేడాని పట్టించుకోకండి. కాటాకే అంత తేడా ఉంటుంది, గాలిలో తేమని బట్టి కాగితం బరువు కూడా కొంచెం మారుతుంది. 75 అని రాసి 69, 70 చూపిస్తే మాత్రం దుకాణదారుని అడగాల్సిందే.

ఇంకా కచ్చితంగా కావాలంటే కట్ట మొత్తం తూచండి. 500 కాగితాల రీమ్‌ని కవరు తీసి తూచి, గ్రాముల్ని 31.2తో భాగించండి. 2,340 గ్రాములు వస్తే 75 జీఎస్ఎం, 2,500 వస్తే 80. 2,200 వచ్చిందనుకోండి, 31.2తో భాగిస్తే 70.5. అంటే మీ చేతిలో ఉన్నది 70 జీఎస్ఎం రీమ్. ఈ లెక్క కాగితం 210 × 297 మి.మీ. ఉంటేనే కుదురుతుంది కాబట్టి స్కేలు పెట్టి కొలత కూడా ఒకసారి చూడండి.

వేరే సైజులకి ఈ సూత్రం:

```
జీఎస్ఎం = మొత్తం బరువు (గ్రాములు) ÷ (కాగితాల సంఖ్య × పొడవు (మీ.) × వెడల్పు (మీ.))
```

ఉదాహరణకి 4×6 అంగుళాల ఫోటో పేపర్ 20 షీట్ల ప్యాక్. కొలత 0.102 × 0.152 మీటర్లు. ప్యాక్ మీద 270 జీఎస్ఎం అని ఉంటే ఆ 20 షీట్లు 84 గ్రాముల దగ్గర తూగాలి. 56 తూగితే అది 180 జీఎస్ఎం సరుకు. ఫోటో పేపర్‌లో ఈ రెండింటికీ ధరలో బాగా తేడా ఉంటుంది కాబట్టి ఈ ఒక్క తూకానికైనా కాటా బయటికి తీయండి.

ఒక మాట. జీఎస్ఎం బరువే గాని మందం కాదు. 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్‌ని యంత్రంలో గట్టిగా నొక్కి నునుపు చేస్తారు, పైన మట్టి రకం పూత ఉంటుంది. అందుకే అది అదే బరువున్న మామూలు బాండ్ పేపర్ కంటే పలచగా, మెత్తగా తగులుతుంది. "చేతికి గట్టిగా ఉండాలి" అనుకుంటే అంకె చూసి తృప్తిపడకుండా ఒక షీటు పట్టుకుని చూడండి.

3. ఉపరితలం చూడండి: పూత ఉందా, ఉంటే ఏ వైపు?

మామూలు కాపియర్ పేపర్‌కి రెండువైపులా ఒకటే. ఫోటో పేపర్లకి, పూత ఉన్న మ్యాట్ పేపర్లకి చాలావాటికి ఒకవైపే ఇంకు పట్టే పూత ఉంటుంది. గ్లాసీ అయితే మెరిసే వైపే ప్రింటింగ్ వైపు, అందులో అనుమానం లేదు. మ్యాట్‌తోనే చిక్కు, రెండువైపులా ఒకేలా కనిపిస్తాయి.

కిటికీ దగ్గర వాలుగా పట్టుకుంటే పూత ఉన్న వైపు కొంచెం ఎక్కువ తెల్లగా కనిపిస్తుంది. అలా తేలకపోతే బొటనవేలు, చూపుడువేలు కొద్దిగా తడిచేసి ఒక మూలని రెండు వేళ్ల మధ్య నొక్కి వదలండి. పూత ఉన్న వైపు వేలికి కాస్త జిగురుగా పట్టుకుంటుంది. ఆ మూల పాడవుతుంది కాబట్టి ప్యాక్‌లో ఒక్క షీటు మీదే చేసి, మిగతావి అదే వరసలో ఉంచండి.

ఈ పేపర్ మీ ఇంక్‌జెట్‌కి పనికొస్తుందో లేదో తెలియకపోతే పేజీ మొత్తం వృథా చేయక్కర్లేదు. ఒక మూల చిన్న రంగుల గడి ప్రింట్ చేసి నిమిషం ఆగి వేలితో రాయండి. చెరిగితే ఆ పేపర్ దీనికి కాదు. ఆ ప్యాక్‌ని రంగు లేజర్ ఉన్న షాపులో వాడుకోవచ్చేమో ప్యాక్ మీద చూసుకోండి. "ఇంక్‌జెట్" అని రాసి ఉంటే అక్కడికీ తీసుకెళ్లకండి.

4. డాక్యుమెంట్లకి

రోజువారీ ప్రింట్లకి, ఒకవైపు మాత్రమే కొట్టేవాటికి 70 చాలు. హాల్ టికెట్లకి, చిత్తు ప్రతులకి 80 వాడటం డబ్బు దండగ. ఆఫీసుకో కోర్టుకో ఇచ్చేవాటికి 75 నుంచి మొదలుపెట్టండి. సుప్రీంకోర్టు 2020లో ఇచ్చిన సర్క్యులర్‌లో కూడా కనీసం 75 జీఎస్ఎం ఉన్న ఏ4 కాగితం మీద రెండువైపులా ప్రింట్ చేయాలనే ఉంది. అంతకుముందు లీగల్ సైజు మీద ఒకవైపు కొట్టే అలవాటు ఎక్కువ. మీరు దాఖలు చేసే కోర్టుకో యూనివర్సిటీకో సొంత నిబంధన ఉంటే మాత్రం అదే పాటించాలి, ముందే అడిగి తెలుసుకోండి.

రెజ్యూమే, సర్టిఫికెట్, ఒప్పంద పత్రం లాంటివాటికి 90 నుంచి 100 జీఎస్ఎం బాండ్ పేపర్ బాగుంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. గీతలు గీతలుగా, గుడ్డ నేసినట్టు గరుకుగా ఉండే ఖరీదైన పేపర్ చూసి మోజుపడి లేజర్‌లో పెడితే, పల్లంలో ఉన్న చోట టోనర్ అతుక్కోదు. అక్షరాల్లో తెల్లటి చుక్కలు వస్తాయి. లేజర్‌కి ఎంత నునుపైతే అంత మంచిది. గరుకు పేపరే కావాలంటే ఇంక్‌జెట్‌లో తీయండి.

లేజర్‌లో 100 దాటిన పేపర్ పెట్టినప్పుడు Printing Preferences లోకి వెళ్లి పేపర్ రకాన్ని Thick లేదా Heavy అని మార్చండి. పేరు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. అలా మారిస్తే ప్రింటర్ నెమ్మదిగా నడిచి ఎక్కువ వేడి ఇస్తుంది. మార్చకపోతే టోనర్ పూర్తిగా కరగదు. దీన్ని పరీక్షించడం తేలిక: పేజీ చల్లారాక అక్షరాల మీద సెల్లోటేపు మెల్లగా అతికించి లాగండి. టేపు మీదికి నల్లటి అక్షరాలు వస్తే సెట్టింగ్ తప్పు. తర్వాత ఆ పేజీని అక్షరాల మీదుగా మడిచి విప్పండి. మడత దగ్గర పొడి రాలిపోతున్నా అదే లోపం.

ఇంక్‌జెట్‌లో అక్షరాల అంచులు వేర్లు పాకినట్టు చెదిరితే అది పేపర్ లోపమే, ఇంకు నాసిరకం అనుకోకండి. కాగితం తయారీలో పైన గంజి లాంటిది పట్టిస్తారు, అది సరిగ్గా లేకపోతే ఇంకు పక్కలకి పాకుతుంది. జీఎస్ఎం పెంచినా ఈ లోపం పోదు. బ్రాండు మార్చండి. 70 జీఎస్ఎం మంచి పేపర్, 80 జీఎస్ఎం నాసి పేపర్ కంటే స్పష్టంగా అచ్చు పడటం మామూలే.

5. రెండువైపులా ప్రింటింగ్

ఎక్కువ పేపర్ వృథా అయ్యేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చదవండి.

మొదటి ప్రశ్న, వెనకది ముందుకి కనిపిస్తుందా? ముందే తయారు చేసుకున్న నల్ల దిమ్మ, పెద్ద అక్షరాల కాగితాన్ని బల్ల మీద పెట్టి, మీరు కొనబోయే పేపర్ ఖాళీ షీటు ఒకటి దాని మీద పరవండి. లైట్లు మామూలుగా ఉంచండి, ఎండకి ఎత్తి చూడకండి. ఎండకి ఎత్తితే 100 జీఎస్ఎం అయినా కనిపిస్తుంది, అలా ఎవరూ చదవరు. పై షీటులోంచి కింది నల్ల దిమ్మ లీలగా నీడలా ఉంటే ఫర్వాలేదు. అక్షరాలు చదవడానికి వీలవుతుంటే ఆ పేపర్ రెండువైపులకీ పనికిరాదు.

ఇదంతా బరువు ఒక్కదాని మీదే ఆధారపడదు. ఒకే 75 జీఎస్ఎం అయినా ఒక బ్రాండులో కనిపిస్తుంది, ఇంకోదాంట్లో కనిపించదు. పేపర్ గుజ్జులో కలిపే తెల్లటి ఖనిజ పొడి ఎక్కువ ఉంటే వెలుతురు అడ్డుపడుతుంది. నా సలహా: లేజర్‌లో రెండువైపులకి మంచి 75 సరిపోతుంది. ఇంక్‌జెట్‌లో 80కి తగ్గకండి, రంగు బొమ్మలు ఎక్కువుంటే 90 లేదా 100. ఇంక్‌జెట్‌లో వెనకది కనిపించడానికి ఇంకో కారణం ఉంది, ఇంకు కాగితంలోకి దిగి అవతలి ముఖం దాకా పోతుంది. ఖాళీ షీటుతో చేసిన పరీక్షలో పాసైనా, ప్రింట్ తీశాక ఫెయిలయ్యేది ఇందుకే. కాబట్టి ఇంక్‌జెట్ వాళ్లు పై పరీక్షతో ఆగకుండా ఒక నిండు పేజీ నిజంగా ప్రింట్ చేసి వెనక్కి తిప్పి చూడండి.

రెండో ప్రశ్న, కాగితం చుట్టుకుపోవడం. లేజర్‌లో మొదటి వైపు కొట్టేసరికి వేడికి తేమ ఆవిరై కాగితం ఒకవైపుకి వంగుతుంది. ఇంక్‌జెట్‌లో దీనికి వ్యతిరేకం, తడికి ఉబ్బి అలలు అలలుగా లేస్తుంది. ఆ లేచిన చోట ప్రింట్ హెడ్ రాసుకుని అంచుల్లో ఇంకు మరకలు పడతాయి. రెండిటికీ విరుగుడు ఓపికే. మొదటి వైపు అయిన కాగితాల్ని సమంగా సర్ది, పైన ఒక పుస్తకం బరువు పెట్టి, లేజర్ అయితే చల్లారే దాకా, ఇంక్‌జెట్ అయితే పది పదిహేను నిమిషాలు ఉంచండి. ఆటో డ్యూప్లెక్స్ ఉన్న ఇంక్‌జెట్‌లో డ్రైవర్ లోపల ఆరే సమయం పెంచే వీలుంటే పెంచండి. లేదంటే నాణ్యతని ఒక మెట్టు తగ్గించండి, ఇంకు తక్కువ పడుతుంది.

ఆటో డ్యూప్లెక్స్ లేనివాళ్లు చేత్తో తిప్పి కొట్టేటప్పుడు ఇలా చేయండి:

అ) ఖాళీ కాగితం మీద పై అంచున పెన్సిల్‌తో బాణం గుర్తు పెట్టి ట్రేలో ఉంచి ఒక పేజీ తీయండి. ప్రింటు బాణం ఉన్న వైపు పడిందా, అవతల పడిందా, తల ఎటుంది అన్నది చూసి ఒక చీటీ మీద రాసి ప్రింటర్‌కే అతికించండి. ప్రతిసారీ గుర్తు తెచ్చుకునే టెన్షన్ ఉండదు.

ఆ) నాలుగు పేజీలతో ప్రయోగం చేయండి. 1, 3 కొట్టి, తిప్పి 2, 4 కొట్టండి. సరిగ్గా వచ్చాకే అసలు పని.

ఇ) పెద్ద ఫైలుని 20 కాగితాల విడతలుగా కొట్టండి, అంటే 40 పేజీలు. ఈ ఒక్క నియమం ఎన్నో రీములు కాపాడుతుంది. రెండో వైపు కొట్టేటప్పుడు రెండు కాగితాలు కలిసి లోపలికి పోతే, ఆ తర్వాతి పేజీలన్నీ ఒకటి ముందుకి జరిగిపోతాయి. 20 కాగితాల విడత అయితే పోయేది ఆ 20 లోపే.

ఈ) రెండో వైపు కొట్టే ముందు కట్టని అంచుల దగ్గర పేకముక్కల్లా విరిచి గాలి ఆడించి పెట్టండి. మొదటి ప్రింటు తర్వాత కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి.

ఉ) అయ్యాక ప్రతి కాగితాన్నీ చదవక్కర్లేదు. పేజీ నంబర్లు చూస్తూ తిరగేయండి. బేసి సంఖ్య వెనక దాని తర్వాతి సరి సంఖ్య ఉండాలి. ఒక్కచోట తప్పితే ఆ విడత మొత్తం చూడండి.

ఇప్పుడు ఒక పూర్తి ఉదాహరణ. 120 పేజీల ప్రాజెక్ట్ రిపోర్టు, అందులో 8 పేజీలు నిండుగా రంగుల చార్టులు, 2 పేజీలు ఫోటోలు, చేతిలో ఉన్నది ఇంకు ట్యాంకు ప్రింటర్. మొత్తానికి 100 జీఎస్ఎం పెట్టేద్దామా అన్నది మొదటి ఆలోచన. 60 కాగితాలు 100 జీఎస్ఎంలో సుమారు 374 గ్రాములు, 80లో 300 గ్రాములు. బరువు పెద్ద సమస్య కాదు, ఖర్చే సమస్య. రాత ఉన్న పేజీలకి 100 అవసరమే లేదు. కాబట్టి రాత పేజీలు 80 జీఎస్ఎం మీద రెండువైపులా. చార్టుల్ని 100 మీద ఒకవైపే. దీనికోసం ఫైలులో ప్రతి చార్టునీ బేసి పేజీలోకి తెచ్చి, దాని వెనక ఖాళీ పేజీ పెట్టుకోవాలి, అప్పుడు పేజీల వరస చెడదు. ఖాళీ పేజీలు కలవడంతో మొత్తం 65 కాగితాల చుట్టుపక్కల అవుతుంది. ఫోటోల పేజీలకి గ్లాసీ జోలికి పోకుండా పూత ఉన్న ఇంక్‌జెట్ మ్యాట్ పేపర్ వాడితే, స్పైరల్ బైండింగ్‌లో పక్క పేజీలకి అంటుకోకుండా ఉంటుంది. 80 జీఎస్ఎం మామూలు కాగితం మందం మిల్లీమీటరులో పదో వంతు దగ్గర ఉంటుంది. అంటే ఈ రిపోర్టు ఏడు మిల్లీమీటర్ల దాకా వస్తుంది, అట్టలు వేరు. షాపులో స్పైరల్ సైజు చెప్పడానికి ఆ అంకె చాలు.

6. ఫోటోలకి

బజారులో ఫోటో పేపర్ పేరుతో దొరికేవి ప్రధానంగా రెండు రకాలు. ఒకటి కాగితం మీద మెరుపు పూత వేసినది, ఎక్కువగా 180 జీఎస్ఎం చుట్టుపక్కల, చవక. రెండోది ఆర్‌సీ పేపర్. కాగితానికి రెండువైపులా పల్చటి ప్లాస్టిక్ పొర వేసి, ఆ పైన ఇంకు పట్టే పూత వేస్తారు. ఇది ఎక్కువగా 240 నుంచి 270 వరకు ఉంటుంది. స్టూడియో ఫోటోలా పట్టుకోగానే బరువుగా, వంగకుండా ఉండేది ఇదే.

తేడా తెలియాలంటే వెనక వైపు ఒక నీటి చుక్క వేసి నిమిషం ఆగి తుడవండి. చవక రకం నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, ఆర్‌సీ మీద చుక్క ముత్యంలా నిలిచి తుడిస్తే పోతుంది. ఇంకా నమ్మకం కలగకపోతే ఒక మూల చింపండి. ఆర్‌సీలో చిరిగిన అంచున సన్నటి ప్లాస్టిక్ పొర సాగి కనిపిస్తుంది.

స్కూలు ప్రాజెక్టుకి, అప్లికేషన్ మీద అతికించే ఫోటోకి చవక రకం చాలు. జిగురు కూడా దాని వెనకే బాగా పడుతుంది. ఆల్బంలో, ఫ్రేములో పెట్టేవాటికి ఆర్‌సీ తీసుకోండి. పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు 35 × 45 మి.మీ. కొలతతో 4×6 షీటు మీద ఎనిమిది వస్తాయి, వరసకి నాలుగు చొప్పున రెండు వరసలు.

మెరుపు సంగతి. గ్లాసీలో రంగులు, నలుపు బాగా లోతుగా వస్తాయి, కానీ వేలిముద్రలు పడతాయి, కిటికీకి ఎదురుగా వేలాడదీస్తే ఫోటో బదులు కిటికీ కనిపిస్తుంది. మ్యాట్‌లో ఆ బాధ ఉండదు గాని నలుపు కొంచెం బూడిద రంగులోకి తేలిపోతుంది, రాత్రి తీసిన ఫోటోలు చప్పగా ఉంటాయి. మధ్యరకం సాటిన్ లేదా లస్టర్, సన్నటి గరుకుతో ఉంటుంది. చేతులు మారే పెళ్లి ఫోటోలకి నేనైతే అదే ఎంచుకుంటాను. గ్లాసీని అద్దం వెనక ఫ్రేములో పెడితే ఫోటోకీ అద్దానికీ మధ్య అట్ట అంచు ఉండేలా చూడండి. తేమకి గ్లాసీ అద్దానికి అతుక్కుపోతే మళ్లీ ఊడి రాదు.

ఇక పద్ధతి:

అ) మెరిసే వైపు ఎటు ఉండాలో మీ ప్రింటర్‌ని బట్టి చూసి పెట్టండి. వెనక నుంచి పేపర్ పెట్టే ప్రింటర్లలో సాధారణంగా మెరిసే వైపు మీకేసి, ముందు ట్రే ఉన్నవాటిలో చాలావరకు కిందికి.

ఆ) Printing Preferences లో Paper Type లేదా Media Type దగ్గర Plain Paper తీసేసి గ్లాసీ ఫోటో పేపర్ రకం ఎంచుకోండి. చాలామంది వదిలేసేది ఇదే. చాలా ట్యాంకు ప్రింటర్లలో నల్ల ఇంకు ఒక రకం, రంగు ఇంకులు ఇంకో రకం. ఆ నల్ల ఇంకులో ఉండే సన్నటి రంగు రేణువులు మామూలు కాగితానికి పట్టుకుంటాయి గాని గ్లాసీ మీద పైపైనే ఉండిపోతాయి. Plain Paper అని ఉంచితే ప్రింటర్ ఆ నల్ల ఇంకే వాడుతుంది. జుట్టు, కళ్లు ఉన్న చోట ఇంకు చేతికి అంటుతుంది. గ్లాసీ అని చెప్తే మూడు రంగులు కలిపి నలుపు చేస్తుంది, ఆ మరక సమస్య పోతుంది.

ఇ) నాణ్యత High పెట్టండి, కానీ చవక 180 జీఎస్ఎం మీద Standard కూడా ఒకసారి తీసి పోల్చండి. పూత పల్చగా ఉంటే High లో పడే ఇంకు దానికి ఎక్కువై నల్లటి చోట్ల గుంటలు కట్టినట్టు మచ్చలు వస్తాయి.

ఈ) ఫోటోలు ఒక్కొక్కటిగా తీసి, ముఖం పైకి ఉండేలా విడివిడిగా పరచండి. పావుగంటకి చేతికి అంటకపోయినా, ఒకదాని మీద ఒకటి పేర్చడం, ల్యామినేషన్ చేయడం మరుసటి రోజుకి ఉంచండి. పైకి ఆరినా లోపల తేమ ఉంటుంది. ఆ రోజే ల్యామినేట్ చేస్తే కొన్నాళ్లకి లోపల మబ్బు పట్టినట్టు అవుతుంది.

ఉ) పరీక్ష: వెలుతురులో వాలుగా పట్టుకుని నల్లటి చోట్లు చూడండి. మిగతా చోట మెరిసి నల్లటి చోట మెరవకపోతే, కంచు రంగులోకి తిరిగితే, పేపర్ రకం సెట్టింగ్ తప్పు. తర్వాత ముఖం రంగు చూడండి, మరీ ఎరుపు, మరీ పచ్చ అయితే ముందు ఆ సెట్టింగే మార్చి చూసి, అప్పుడే ఫోటో ఎడిటింగ్ జోలికి వెళ్లండి.

రెండువైపులా ఫోటోలున్న కరపత్రం కావాలంటే మామూలు ఫోటో పేపర్ వెనక కొట్టకండి, అక్కడ పూత లేదు. "డబుల్ సైడ్" అని రాసిన ఇంక్‌జెట్ పేపర్ వేరే దొరుకుతుంది. దాన్ని కూడా ఆటో డ్యూప్లెక్స్‌లో కాకుండా మొదటి వైపు పూర్తిగా ఆరనిచ్చి చేత్తో తిప్పి పెట్టాలి. 300 జీఎస్ఎం విజిటింగ్ కార్డులు, పెళ్లి కార్డులు మాత్రం ఇంటి ప్రింటర్‌లో ప్రయత్నించకండి, డిజిటల్ ప్రెస్ ఉన్న షాపుకి ఇవ్వండి. అంత మందాన్ని చిన్న ప్రింటర్ రోలర్లు వంచి లాగలేవు.

7. మిగిలిన పేపర్‌ని దాచడం

కాకినాడ, విశాఖ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో వానాకాలంలో వచ్చే జామ్‌లలో చాలావాటికి ప్రింటర్ రిపేరు అక్కర్లేదు, పొడి పేపర్ కావాలి అంతే. తేమ పట్టిన కాగితం మెత్తబడి రెండేసి లోపలికి పోతుంది. లేజర్‌లో పెడితే టోనర్ సరిగ్గా అతకదు, బయటికి వచ్చేటప్పుడు ఆవిరి కూడా కనిపిస్తుంది. ఆవిరి చూసి ప్రింటర్ కాలిపోతోందని కంగారు పడకండి. కట్ట మారిస్తే ఆగుతుంది.

రీమ్ కవరుని చింపేయకుండా ఒక చివర విప్పి, కావలసినన్ని తీసుకుని మళ్లీ మడిచి టేపు వేయండి. ఆ కవరు లోపలి పొర తేమని ఆపడానికే ఉంది. నిలబెట్టకుండా పడుకోబెట్టి, నేల మీద కాకుండా అలమరలో పెట్టండి. ట్రేలో ఆ రోజుకి సరిపడా మాత్రమే ఉంచండి. ఫోటో పేపర్‌ని దాని ప్లాస్టిక్ సంచిలోనే, మెరిసే ముఖాలన్నీ ఒకే వైపు ఉండేలా పెట్టి, సంచి మీద ఏ సెట్టింగ్‌తో బాగా వచ్చిందో పెన్నుతో రాసిపెట్టండి. ఆర్నెల్ల తర్వాత ఆ ప్యాక్ మళ్లీ తీసినప్పుడు ప్రయోగాలన్నీ మొదటి నుంచి చేయక్కర్లేదు.